నమ్మితే పోయేదేముంది? దేవుళ్లు పలువురు ఉన్నచోట పాస్కల్ పందెం, నాలుగు లెక్కల పోలిక

"నమ్మితే పోయేదేముంది? దేవుడుంటే అంతా దక్కుతుంది, లేకపోతే నష్టమేమీ లేదు కదా." ఈ మాట మా పర్లాకిమిడిలో గుడి మెట్ల మీదా వినబడుతుంది, చర్చి వరండాలోనూ వినబడుతుంది. అనేవాళ్లు ఇద్దరూ మనస్ఫూర్తిగానే అంటారు. కానీ ఒకే మాట చెప్పి మనిషిని రెండు వేరువేరు గుమ్మాల్లోకి రమ్మంటున్నారు. వినేవాడు ఎటు వెళ్లాలి?

ఆ ప్రశ్న దగ్గర నిజంగా ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఇక్కడ తేల్చను. నమ్మకం విషయంలో లాభనష్టాలు బేరీజు వేసి నిర్ణయం తీసుకోవాలనుకునేవారికి ఉన్న లెక్కలు ఏవి, ఏ లెక్క ఎటు తీసుకెళ్తుంది, ఎక్కడ తప్పుతుంది అన్నదే విషయం. నేను డిగ్రీ పిల్లలకు గణితం చెబుతాను. ఈ లెక్కను మా ఊళ్లో వేసినంత నిజాయితీగా ఇంకోచోట వేయలేమని నా నమ్మకం. మహేంద్రతనయ దాటి పాతపట్నం వెళ్లినా, ఇటు గజపతి జిల్లా కొండలెక్కినా దేవుళ్ల జాబితా మారుతూ ఉంటుంది. ఊళ్లో జగన్నాథుడు, కొండ మీద సవరలు కొలిచే సోనుంలు, ఊరూరా బాప్టిస్టు చర్చిలు, చంద్రగిరిలో 1963 నుంచి స్థిరపడ్డ టిబెటన్ల బౌద్ధం. పుస్తకంలో "ఇతర దేవుళ్లు" అని ఒక్క మాటలో తేల్చేసేది ఇక్కడ పక్కింటి మనుషుల బతుకు.

## పందెం అసలు రూపం

ఫ్రెంచి గణితవేత్త బ్లేజ్ పాస్కల్ (1623–1662) 1654లో మరో గణితవేత్త ఫెర్మాతో ఉత్తరాలు నడిపి సంభావ్యత శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకడు. జూదం మధ్యలో ఆపేస్తే పందెం సొమ్ము ఎలా పంచాలన్నది ఆ ఉత్తరాల్లోని సమస్య. అదే చేత్తో దేవుడి గురించీ ఒక చిత్తు రాసుకున్నాడు. అతను పోయాక, 1670లో అచ్చయిన అతని చిత్తుల సంకలనం 'పాంసే'లో అది వచ్చింది. అతని వాదన మూడు అడుగులు. దేవుడున్నదీ లేనిదీ బుద్ధితో తేలదు. అయినా పందెం వేయక తప్పదు, ఎందుకంటే బతుకుతున్నామంటేనే ఏదో ఒక వైపు నిలబడ్డట్టు. కాబట్టి ఫలితాలు చూసుకోవాలి: నమ్మి, దేవుడుంటే వచ్చేది అనంతం, నమ్మి, లేకపోతే పోయేది ఈ జీవితంలోని కొంత మేర, అంటే పరిమితం.

సగటు రాబడి తీసేటప్పుడు ప్రతి ఫలితాన్నీ దాని సంభావ్యతతో గుణించి కూడతాం. అనంతాన్ని ఎంత చిన్న సంభావ్యతతో గుణించినా, అది సున్నా కానంత వరకు, అనంతమే. నూటికి ఒకటైనా, కోటికి ఒకటైనా తేడా లేదు. కాబట్టి నమ్మడమే మేలని తేలుతుంది. నరకాన్ని పాస్కల్ ఈ గుణకారంలో వేయలేదు, తర్వాతివాళ్లు చేర్చారు. చేర్చినా దిశ మారదు.

ఈ పట్టికలో "దేవుడు" అన్న గడి ఒక్కటే ఉండటం దాని బలం. అభ్యంతరం అక్కడే పుట్టింది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త దిదెరో ఒక్క వాక్యంలో దెబ్బకొట్టాడు: ఒక ఇమాము కూడా ఇదే వాదన చేయగలడు. నిజమే. వాదనలో ఒక దేవుడి పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టి చూడండి. ఒక్క అక్షరం మార్చకుండా నిలబడితే, ఆ వాదన మీ దేవుడి గురించి ఏమీ చెప్పలేదన్నమాట. మీకు ఎవరైనా పందెం వాదన చెప్పినప్పుడు మొదట చేయాల్సిన పరీక్ష ఇదే.

## దేన్నిబట్టి పోల్చాలి

లెక్కల జోలికి పోయే ముందు మూడు కొలతలు పెట్టుకుందాం.

మొదటిది, ఆ లెక్క దేవుళ్ల మధ్య తేడా చూపగలదా? అందరికీ ఒకే మార్కు వేసే పరీక్ష ఎంపికకు పనికిరాదు.

రెండోది, అది దేనికి లొంగుతుంది? నిజం అయ్యే అవకాశానికా, లేక చేసే వాగ్దానం ఎంత పెద్దదన్నదానికా? నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఇది.

మూడోది, లెక్క చెప్పింది మనిషి చేయగలడా, చేస్తే ఇంట్లో ఎవరికి ఎంత ఖర్చు? నమ్మకం స్విచ్చి వేసినట్టు వచ్చేది కాదని పాస్కల్‌కూ తెలుసు. నమ్మలేనివాడు నమ్మినవాళ్లు చేసినట్టే చేయాలని, తీర్థం పుచ్చుకోవాలని, పూజలు చేయించుకోవాలని, అలవాటే మెల్లగా నమ్మకంలోకి తీసుకెళ్తుందని సలహా ఇచ్చాడు. అంటే అతని పందెం ఒక్క రోజులో వేసేది కాదు, ఏళ్ల తరబడి ఒక సంఘంలో కలిసి బతకడం. ఖర్చు కూడా అంత కాలమూ ఉంటుంది.

## మన జిల్లాకు సరిపడే పట్టిక

పట్టికలో నిలువు వరుసలకు మతాల పేర్లు పెడితే పొరపాటు. ఒకే మతంలో వేరువేరు సమాధానాలున్నాయి. 1964లో కాథలిక్ చర్చి రెండో వాటికన్ సభ ప్రకటన, తమ తప్పు లేకుండా క్రీస్తు వార్త తెలియక, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెతికినవారికీ రక్షణ సాధ్యమంది. ఇక్కడి కొన్ని చర్చిల్లో వినిపించేది అంతకంటే కఠినం. గీత తొమ్మిదో అధ్యాయం 23వ శ్లోకంలో, శ్రద్ధతో అన్య దేవతలను కొలిచేవాళ్లూ నన్నే కొలుస్తున్నారు, విధి తప్పినా సరే, అంటాడు కృష్ణుడు. రెండు శ్లోకాలు దాటి 25లో, దేవతలను కొలిచేవారు దేవతలను, పితరులను కొలిచేవారు పితరులను, నన్ను కొలిచేవారు నన్ను చేరతారంటాడు. మొదటిదాన్ని పట్టుకుంటే అందరినీ ఒప్పుకునే దేవుడు. రెండోదాన్ని గట్టిగా పట్టుకుంటే ఎవరి దారి వారిది.

అందుకే నిలువు వరుసలకు మతం పేరు కాకుండా, "ఎవరికి ఫలితం ఇస్తారు" అన్న నియమం పేరు పెట్టాలి. ∞ అంటే అనంత ఫలితం, "కొంత" అంటే పరిమితమైనది.

| నేను చేసేది | అందరినీ ఒప్పుకునే దేవుడైతే | తనవారినే ఒప్పుకునే విష్ణువైతే | చర్చి వారినే ఒప్పుకునే దేవుడైతే | మరో మతంవారినే ఒప్పుకునే దేవుడైతే | సోనుంలైతే | ఎవరూ లేకపోతే |
|---|---|---|---|---|---|---|
| జగన్నాథుణ్ణి కొలవడం | ∞ | ∞ | కొంత | కొంత | కొంత | కొంత |
| చర్చిలో చేరడం | ∞ | కొంత | ∞ | కొంత | కొంత | కొంత |
| ఆ మరో మతంలో చేరడం | ∞ | కొంత | కొంత | ∞ | కొంత | కొంత |
| సోనుంలకు చేయడం | ∞ | కొంత | కొంత | కొంత | కొంత (మంచి) | కొంత |
| ఎవరినీ కొలవకపోవడం | కొంత | కొంత | కొంత | కొంత | కొంత | కొంత |

సోనుంల నిలువు వరుస దగ్గర కాసేపు ఆగండి. గిడుగు రామ్మూర్తి పంతులు గారు మా ఊళ్లోనే ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. అంతటి మనిషి శ్రద్ధపెట్టిన జనం దేవతలను మనం పట్టిక నుంచి కొట్టేయకూడదు. సవరల పాత ధర్మంలో చనిపోయినవాళ్లు సోనుంలవుతారు, పూజారి నోట బతికున్నవాళ్లతో మాట్లాడతారు, అలుగుతారు, అడుగుతారు. వాళ్ల కోసం ఇంటి గోడ మీద ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో ఇదితాల్ బొమ్మలు వేస్తారు. అక్కడ ప్రధానమైనది పోయినవాళ్లతో సంబంధం చెడకుండా చూసుకోవడం. అనంత స్వర్గం ఆశ చూపే ధర్మం కాదది. కాబట్టి పాస్కల్ లెక్కలో ఆ నిలువు వరుసకు ∞ దక్కదు. అది నిజం అయ్యే అవకాశం నూటికి తొంభై అని మీరనుకున్నా, నూటికి ఒక వంతు అవకాశమున్న ∞ ముందు ఓడిపోతుంది. రెండో కొలత దగ్గర మొదటి హెచ్చరిక ఇది: ఈ పట్టికలో ఎక్కువ వాగ్దానం చేసినవారికే ఓటు హక్కు.

## మొదటి లెక్క: అనంతాన్ని అనంతంగానే ఉంచడం

పాస్కల్ చెప్పినట్టే వేద్దాం. పట్టికలో మొదటి నాలుగు అడ్డ వరుసలకూ ఎక్కడో ఒకచోట ∞ ఉంది కాబట్టి, నాలుగింటి సగటు రాబడీ అనంతమే. సమానం. మొదటి కొలత దగ్గరే ఓడిపోయింది.

ఇంకా ఇబ్బంది ఉంది. తత్వవేత్తలు ఆంథొనీ డఫ్ 1986లో, అలన్ హాయెక్ 2003లో దీన్ని విప్పి చూపారు. నాణెం ఎగరేసి బొమ్మ పడితే గుడికి వెళ్తాను, బొరుసు పడితే వెళ్లను అని నిర్ణయించుకున్నవాడికీ సగం అవకాశంతో అనంతం ఉంది, సగం అనంతం అనంతమే. ఇప్పుడేమీ చేయను, కానీ ముసలితనంలో ఎప్పుడైనా మనసు మారవచ్చు అనేవాడికీ ఆ చిన్న అవకాశం వల్ల అనంతమే వస్తుంది. చివరికి ఏం చేసినా ఒకటే ఫలితమని లెక్క చెబుతుంది. కాబట్టి ఇది ఇతర దేవుళ్ల వల్ల మాత్రమే పాడైన లెక్క కాదు. ఒక్క దేవుడే ఉన్నాడనుకున్నా అనంతం ఇలాగే అన్నిటినీ మింగేస్తుంది.

ఎవరైనా "చిన్న అవకాశమైనా చాలు, అనంతం కదా" అని మీ దగ్గర వాదిస్తే, వారు వాడుతున్నది ఈ లెక్కే. దీన్ని ఎవరికీ సిఫారసు చేయను.

## రెండో లెక్క: ఎక్కువ అవకాశం ఉన్న అనంతం వైపు

తత్వవేత్త జార్జ్ ష్లెసింజర్ 1990లలో దీనికి ఒక మరమ్మతు సూచించాడు. రెండు దారుల రాబడీ అనంతమైనప్పుడు, ఆ అనంతం చేతికొచ్చే సంభావ్యత దేనికి ఎక్కువో దాన్ని ఎంచుకోమన్నాడు. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. నాణెం ఎగరేసేవాడి సమస్యనూ ఇది తీరుస్తుంది: సగం అవకాశం కంటే పూర్తి అవకాశం మేలు. చదువుకున్నవాళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే కాబట్టి దీన్ని అంకెలతో పూర్తిగా వేసి చూద్దాం.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి ఈ సమస్యే తెచ్చింది. వాళ్ల మామ్మ జగన్నాథుడి భక్తురాలు. అన్నయ్య చర్చిలో చేరాడు. "మాస్టారూ, అన్నయ్య రోజూ అంటున్నాడు, నువ్వొస్తే నీకు పోయేదేముంది అని. నాకు జవాబు తోచడం లేదు" అంది. నేను జవాబు చెప్పలేదు. "నీ అంకెలు నువ్వే వేసుకో అమ్మా" అన్నాను. ఒక పెళ్లి కార్డు వెనక్కి తిప్పి పెన్సిలుతో రాసుకుంది. నూటికి ఆమె వేసుకున్నవి ఇవి: అందరినీ ఒప్పుకునే దేవుడు 35, తనవారినే ఒప్పుకునే విష్ణువు 5, చర్చివారినే ఒప్పుకునే దేవుడు 10, మరో మతంవారినే ఒప్పుకునే దేవుడు 5, సోనుంలు 5, ఎవరూ లేరు 40.

ఇప్పుడు అడ్డ వరుసల్లో ∞ ఉన్న గడుల సంభావ్యతలు కూడండి. గుడికి 35 + 5 = 40. చర్చికి 35 + 10 = 45. మరో మతానికి 35 + 5 = 40. సోనుంలకు 35. చర్చి గెలిచింది.

ఆమె కార్డు వంక చూస్తూ ఉండిపోయింది. చర్చి చెప్పే దేవుడికి ఆమె వేసింది పదే, ఇంట్లో కొలిచే దేవుడి రెండు రూపాలకూ కలిపి నలభై. నాలుగింతలు ఎక్కువ నమ్మే దేవుణ్ణి వదిలి, తక్కువ నమ్మేవైపు వెళ్లమంటోంది లెక్క. ఎందుకు? అందరినీ ఒప్పుకునే దేవుడి 35 ప్రతి వరుసలోనూ ఉంది. పోల్చేటప్పుడు అది రెండు వైపులా కొట్టుకుపోతుంది. మిగిలేది కఠినంగా ఉండే దేవుళ్ల అంకెలే: ఇటు 5, అటు 10. ఉదారంగా ఉన్న దేవుడికి ఆ ఉదారత వల్లనే ఈ లెక్కలో ఓటు లేకుండా పోతుంది. "నా దగ్గరికే రావాలి" అన్నవారి మాటే చెల్లుతుంది. దేవుళ్లు పలువురు ఉన్నారన్న అభ్యంతరంలో నాకు అన్నిటికంటే లోతుగా కనిపించే విషయం ఇదే. దేవుళ్ల సంఖ్య పెరగడం కంటే, ఎంపికను ఏ లక్షణం శాసిస్తోందన్నది పెద్ద ప్రశ్న.

తర్వాత ఇంకో పని చేయించాను. 9.25వ శ్లోకం సంగతి చెప్పి, ఇంటి దేవుడి నలభైని మళ్లీ పంచుకోమన్నాను. ఈసారి ఆమె అందరినీ ఒప్పుకునే రూపానికి 25, తనవారినే ఒప్పుకునే రూపానికి 15 వేసింది. మొత్తం అదే 40. ఇప్పుడు గుడికి 25 + 15 = 40, చర్చికి 25 + 10 = 35. గుడి గెలిచింది. దేవుడున్నాడన్న నమ్మకం పెరగలేదు, తరగలేదు. ఒక శ్లోకం ఎలా చదవాలన్నదాన్ని బట్టి జీవితం మొత్తం అటు నుంచి ఇటు తిరిగింది.

కాబట్టి రెండో లెక్క దేవుళ్ల మధ్య తేడా చూపుతుంది, మొదటి కొలత పాసయింది. రెండో కొలతలో తప్పింది: కఠినత్వానికి లొంగుతుంది. ఈ లెక్క వాడాలనుకునేవారు ఈ పరీక్ష తప్పకుండా చేసుకోవాలి. ఒక మతానికి వేసిన మొత్తాన్ని మార్చకుండా, అందులో ఉదార రూపానికీ కఠిన రూపానికీ ఉన్న పంపకాన్ని మాత్రం మార్చండి. జవాబు తిరగబడితే, మీ చేతిలో ఉన్నది నిర్ణయం కాదు, ఇంకా చదవాల్సిన ప్రశ్న.

ఇక్కడ అనంతాన్ని తీసేసి, చాలా పెద్దదైనా పరిమితమైన లాభం పెట్టి చూడటమూ మేలు చేస్తుంది. ఆమె మొదటి అంకెల్లో చర్చికి ఉన్న ఆధిక్యం నూటికి 5. అంటే పరలోక లాభం, మారడం వల్ల ఇక్కడ పోయేదానికి 20 రెట్లు దాటితేనే మారడం లాభం. ఇప్పుడు "పోయేదేముంది" అన్న మాటకు జవాబు రాయక తప్పదు. ఆమె రాసింది: తాతయ్య తద్దినం, మామ్మ చేతి మహాప్రసాదం. అన్నయ్య చేరాక తద్దినం భోజనానికి కూర్చోవడం మానేశాడు. ఆ రోజు మామ్మ అతని విస్తరి వేసి, వడ్డించి, తీసేస్తుంది. ఆ ఇంట్లో పోయేది సున్నా కాదు. అనంతం వేసినప్పుడు మాత్రం ఇలాంటివన్నీ లెక్కలో సున్నాతో సమానమైపోతాయి.

## మూడో లెక్క: మీకు నిజంగా సాధ్యమైనవాటి మధ్యే

అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1896లో చెప్పిన దారి ఇది. మనసు అంగీకరించగల అవకాశాలనే సజీవమైనవిగా తీసుకోమన్నాడు. మనకు ఏ మాత్రమూ పట్టని దేవుడి పేరు మీద ఎంత పెద్ద వాగ్దానం చేసినా, అది మనలో కదలిక తేదు. ఎంపిక సజీవంగా ఉండాలి, తప్పించుకోలేనిదై ఉండాలి, దాని ఫలితం ముఖ్యమైనదై ఉండాలి, పైగా బుద్ధి ఒక్కటే దాన్ని తేల్చలేకపోవాలి. అప్పుడు మనసు మొగ్గిన వైపు అడుగు వేయడం తప్పు కాదన్నాడు.

ఈ దారి వల్ల పట్టిక చిన్నదవుతుంది. తత్వవేత్తలు ఊహించే వింత దేవుళ్లు, నమ్మనివాళ్లకే స్వర్గం ఇచ్చేవాడి లాంటివాళ్లు, పట్టికలోంచి పోతారు. ఎవరి బతుకులోనూ లేని ఆ దేవుళ్లకు సంభావ్యత వేయమంటే నేనూ వేయలేను. కానీ ఏది సజీవం అన్నది పుట్టిన ఊరిని బట్టి మారుతుంది. సెరంగోలో పుట్టిన సవర పిల్లకు చర్చి సజీవం. చంద్రగిరిలో పెరిగిన టిబెటన్ కుర్రాడికి బుద్ధుడు సజీవం. పాతపట్నంలో పుట్టినవాడికి ఈ రెండూ సజీవం కాకపోవచ్చు. కాబట్టి ఈ లెక్క సత్యానికి దగ్గర చేస్తుందని చెప్పలేం. మీ పట్టికలో మీకు తెలిసినవాళ్లే ఉన్నారని మాత్రం చూస్తుంది. మా జిల్లాలో దీనికి ఒక మంచి గుణం ఉంది: ఇక్కడ ఇద్దరు ముగ్గురు దేవుళ్లు ఒకే మనిషికి సజీవంగా ఉండటం మామూలే కాబట్టి, పట్టిక మరీ ఒక్క గడికి కుంచించుకుపోదు.

పందెం లెక్క చూసుకుని నమ్మినవాణ్ణి తిప్పి పంపడం, దేవుడి స్థానంలో తనుంటే, తనకు ఇష్టంగానే ఉంటుందని జేమ్స్ అన్నాడు. ఈ భయం చాలామందికి ఉంటుంది. గీత ఏడో అధ్యాయంలో దీనికి వేరే జవాబుంది. తనను కొలిచేవారు నాలుగు రకాలంటూ ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని చెప్పి, వీరందరూ ఉదారులే అన్నాడు. లాభం కోరి వచ్చినవాడికీ అక్కడ చోటుంది. కాబట్టి లెక్కతో వచ్చిన భక్తి చెల్లుతుందా అన్నదానికీ ఒక్కో దేవుడి గడిలో ఒక్కో జవాబు ఉంటుంది.

## నాలుగో లెక్క: నడవడిక మీద పందెం

పాస్కల్‌కు ఎన్నో శతాబ్దాల ముందే బౌద్ధుల పాళీ గ్రంథం మజ్ఝిమ నికాయంలోని 60వ సుత్తం, అపణ్ణక సుత్తంలో, బుద్ధుడు ఇలాంటి పందెమే చెప్పాడు. కోసల దేశంలో సాలా అనే ఊరి బ్రాహ్మణ గృహస్థులను ఆయన మొదట అడిగింది ఇది: మీకు నమ్మకం కుదిరిన గురువు ఎవరైనా ఉన్నారా? లేరన్నారు. అయితే ఈ తప్పులేని దారి పట్టండి అన్నాడు. పరలోకం లేదనుకుని చెడుగా బతికినవాడు, పరలోకం లేకపోయినా ఇక్కడే తెలివైనవాళ్ల నిందకు గురవుతాడు; ఉంటే రెండు చోట్లా ఓడుతాడు. మంచిగా బతికినవాడికి ఇక్కడ మెప్పు, పరలోకం ఉంటే అక్కడా మేలు.

ఈ పందెంలో సొమ్ము పెట్టేది ఒక దేవుడి పేరు మీద కాదు. అందుకే దిదెరో పరీక్షకు ఇది తట్టుకుంటుంది: ఇమాము చెప్పినా, పాస్టరు చెప్పినా, లామా చెప్పినా అబద్ధమాడకు, చంపకు, దొంగిలించకు అన్న భాగం దాదాపు ఒకటే. అనంతం అవసరం లేదు. ఇక్కడి ఫలితమే సగం బరువు మోస్తుంది. మూడో కొలతలో మిగతా అన్నిటికంటే ముందుంటుంది, ఎందుకంటే నమ్మలేనిదాన్ని నమ్మినట్టు నటించనక్కర్లేదు, తద్దినం విస్తరి వదలనక్కర్లేదు.

లోపం కూడా అంతే స్పష్టం. విశ్వాసం వల్లనే రక్షణ, క్రియల వల్ల కాదు అనే దేవుడే నిజమైతే, ఈ పందెం వేసినవాడికి ఆ గడిలో ∞ రాదు. పై అమ్మాయి అంకెల్లో ఇది నూటికి పది పోగొట్టుకోవడమే. దీన్ని దాచి ఎవరికీ ఈ దారి చెప్పకూడదు.

## ఎవరికి ఏది

నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది.

| లెక్క | దేవుళ్ల మధ్య తేడా చూపుతుందా | దేనికి లొంగుతుంది | ఇంటికి ఖర్చు |
|---|---|---|---|
| అనంతం అలాగే | లేదు | వాగ్దానం పరిమాణానికి | లెక్కలోకే రాదు |
| ఎక్కువ అవకాశం ఉన్న అనంతం | అవును | కఠినంగా ఉండే దేవుడికి | లెక్కలోకే రాదు. పరిమిత లాభం పెడితే వస్తుంది |
| సజీవమైనవాటి మధ్యే | కొంతవరకు | పుట్టిన చోటుకు | లెక్కలోకి వస్తుంది |
| నడవడిక | అడగదు | ఇక్కడి ఫలితానికి | తక్కువ |

ఇప్పటికే ఒక నమ్మకంలో ఉండి, పక్కింటివాళ్ల పందెం వాదనకు కంగారుపడుతున్నవారికి పట్టికతో పనిలేదు. పేరు మార్చే పరీక్ష ఒక్కటి చేయండి, చాలు. మీ నమ్మకం వేరే కారణాల మీద నిలబడి ఉంటే, ఈ వాదన దాన్ని కదిలించలేదు, బలపరచనూ లేదు.

ఇద్దరు ముగ్గురు దేవుళ్ల మధ్య నిజంగా ఊగుతున్నవారు, ముఖ్యంగా పెళ్లి వల్లనో, ఇంట్లో ఒకరు మారడం వల్లనో ఆ స్థితికి వచ్చినవారు, మూడో లెక్కతో మొదలుపెట్టి పట్టికను చిన్నది చేసుకోండి. తర్వాత రెండో లెక్కను పరిమిత లాభంతో వేసుకోండి. ∞ గుర్తు కాగితం మీద వద్దు. ఒక్కో గడిలో ఉదార రూపానికీ కఠిన రూపానికీ విడిగా అంకెలు వేయండి. ఆ అంకెలు వేయడానికి గ్రంథాలు చదవాలి, పెద్దవాళ్లను అడగాలి. ఆ పనే అసలు పని, గుణకారం కాదు. అన్నయ్య అంకెలు మీవి కానక్కర్లేదు, మామ్మవీ కానక్కర్లేదు.

ఎవరి మీదా నమ్మకం కుదరక, అలాగని వదిలేయడానికీ మనసొప్పని వారికి నాలుగోది. సాలా గృహస్థుల స్థితి సరిగ్గా అదే. విశ్వాసాన్నే కోరే దేవుడి గడిని వదులుకుంటున్నామని తెలిసి వేయండి. ఆ గడికి మీరు వేసుకున్న అంకె పెద్దదైతే, నూటికి ముప్పయ్యో నలభయ్యో అయితే, ఈ దారి మీది కాదు. మీరు ఆ నమ్మకానికి ఇప్పటికే దగ్గర్లో ఉన్నారు. వెళ్లి వాళ్లతో కూర్చుని వాక్యం వినడం సబబు.

భయం వల్ల నిర్ణయం తీసుకోబోతున్నవారికి మాత్రం ఒక మాట గట్టిగా చెబుతాను. నరకం గురించి విన్న వారంలో, ఇంట్లో చావు జరిగిన నెలలో ఈ లెక్క వేయకండి. అప్పుడు ఒక్క గడే కళ్లకు కనిపిస్తుంది, మిగతా గడులకు వేసే అంకెలన్నీ సున్నాలవుతాయి. వాటిని కాగితం మీద రాసి తేదీ వేసి పెట్టండి. ఆరు నెలలాగి, పాతది చూడకుండా మళ్లీ రాయండి. రెండు కాగితాల్లో అంకెలు చాలా దూరంగా ఉంటే, మొదటిసారి పందెం వేసింది మీ భయమే అనుకోవాలి. దగ్గరగా ఉంటే ఆ అంకెలు మీవే, వాటితో ముందుకెళ్లవచ్చు.

ఆ అమ్మాయి ఇంకా నిర్ణయించుకోలేదు. మత్తయి సువార్త, గీత తొమ్మిదో అధ్యాయం పక్కపక్కన పెట్టుకుని చదువుతోంది. కఠిన రూపం, ఉదార రూపం అని పెట్టిన రెండు అంకెలనూ చదివిన కొద్దీ దిద్దుకుంటోంది. తద్దినం రోజు అన్నయ్య కూర్చోకపోయినా పక్క గదిలోనైనా ఉండొచ్చా అని వాళ్ల పాస్టరు గారిని అడగమని చెప్పాను. ఆ జవాబు వస్తే "పోయేది" అన్న గడిలో ఆమె వేసిన అంకె మారుతుంది.